సమయ విండోలున్న రూటులో చేరుక, నిరీక్షణ, సాధ్యత: స్టాపు వెంట స్టాపుగా లెక్క

ప్రశ్న: డిపో నుంచి ఉదయం 8:00కు బయలుదేరి ఐదుగురు కస్టమర్ల దగ్గరకు వెళ్లి తిరిగి వచ్చే రూటు ఒకటి ఉంది. 2, 4 స్టాపుల దగ్గర బండి 15 నిమిషాల చొప్పున ఖాళీగా ఆగుతోంది. 5వ కస్టమర్ దగ్గర గడువుకు ఇంకా 20 నిమిషాలు మిగులుతోంది. అంటే మొత్తం 50 నిమిషాలు చేతిలో ఉన్నట్టే కదా. అయినా 40 నిమిషాలు మాత్రమే పెంచే కొత్త కస్టమర్‌ను 2, 3 మధ్య పెడితే 5వ స్టాపు దగ్గర రూటు తప్పిపోతోంది. నా లెక్క ఎక్కడ తప్పు? పైగా కొత్త కస్టమర్‌ను ఒక్కో చోట పెట్టి చూసిన ప్రతిసారీ మొత్తం రూటును మళ్లీ లెక్కించక తప్పదా?

సమాధానం:

మీ కూడిక సరిగానే ఉంది, కానీ కూడిన మూడు అంకెల్లో ఒకటి ఈ చోటికి వర్తించదు. 2వ స్టాపు దగ్గరి 15 నిమిషాల నిరీక్షణ, మీరు కొత్త కస్టమర్‌ను పెట్టిన చోటు రాకముందే గడిచిపోతుంది. గడిచిపోయిన నిరీక్షణ ఆ తరువాత పుట్టిన జాప్యాన్ని తగ్గించలేదు. కాబట్టి 2, 3 మధ్య పెట్టే కస్టమర్‌కు మీ చేతిలో ఉన్నది 50 కాదు, 35 నిమిషాలు మాత్రమే. 40లో 35 పోగా మిగిలిన 5 నిమిషాలే 5వ స్టాపు దగ్గర ఆలస్యంగా బయటపడుతున్నాయి. ఈ సంగతిని మీ అంకెలతోనే మొదటి నుంచి చూపిస్తాను, ఎందుకంటే రెండో ప్రశ్నకు జవాబు కూడా ఆ లెక్కలోనే ఉంది.

ముందుగా విండో అంటే ఏమిటో ఒక మాట అనుకోవాలి. ఒక కస్టమర్ విండో 9:15 నుంచి 10:00 వరకు అంటే, సర్వీస్ మొదలయ్యే వేళ ఆ రెండింటి మధ్య ఉండాలని సాధారణంగా తీసుకునే అర్థం. సర్వీస్ 10:00 తరువాత ముగిసినా ఫరవాలేదు. బండి 9:15 కంటే ముందే చేరవచ్చు, కానీ విండో తెరుచుకునే దాకా ఆగాలి. 10:00 దాటి చేరితే మాత్రం రూటు చెల్లదు. కొన్ని చోట్ల కస్టమర్ మాటకు వేరే అర్థం ఉంటుంది: సర్వీస్ కూడా విండోలోపే ముగిసిపోవాలి. అప్పుడు మూసుకునే వేళలోంచి సర్వీస్ సమయాన్ని ముందే తీసివేసి, ఆ తరువాత కింది లెక్కనంతా యథాతథంగా చేయవచ్చు. ఈ రెండు అర్థాలలో ఏది తీసుకోవాలో డేటా ఇచ్చినవారిని అడిగి తేల్చుకోకుండా సూత్రాలు రాయడం మొదలుపెట్టకండి. నేను చూసిన తప్పు రూటులలో చాలా వాటికి మూలం సూత్రంలో లేదు, ఈ అర్థభేదంలోనే ఉంది.

స్టాపు నుంచి స్టాపుకు చేసే లెక్క చాలా సరళమైనది. ముందు స్టాపులో సర్వీస్ మొదలైన వేళకు అక్కడి సర్వీస్ సమయాన్ని, ఆపైన ప్రయాణ సమయాన్ని కలిపితే చేరే వేళ వస్తుంది. చేరే వేళ, విండో తెరుచుకునే వేళ, ఈ రెండింటిలో ఏది తరువాత వస్తే అదే సర్వీస్ మొదలయ్యే వేళ. చేరే వేళకు, సర్వీస్ మొదలయ్యే వేళకు మధ్య తేడా ఉంటే అది నిరీక్షణ. సర్వీస్ మొదలయ్యే వేళ మూసుకునే వేళను దాటకపోతే ఆ స్టాపు సాధ్యం. మీరిచ్చిన రూటుకు ఈ లెక్క కింది విధంగా వస్తుంది. బండి తిరిగి డిపోకు 13:00లోపు చేరాలి, నిమిషాలన్నీ మీవే.

| స్టాపు | ప్రయాణం | విండో | చేరుక | నిరీక్షణ | సర్వీస్ మొదలు | సర్వీస్ | బయలుదేరడం |
|---|---|---|---|---|---|---|---|
| డిపో | – | – | – | – | – | – | 8:00 |
| 1 | 20 | 8:15–9:00 | 8:20 | 0 | 8:20 | 15 | 8:35 |
| 2 | 25 | 9:15–10:00 | 9:00 | 15 | 9:15 | 20 | 9:35 |
| 3 | 15 | 9:30–10:30 | 9:50 | 0 | 9:50 | 10 | 10:00 |
| 4 | 30 | 10:45–11:15 | 10:30 | 15 | 10:45 | 25 | 11:10 |
| 5 | 20 | 11:00–11:50 | 11:30 | 0 | 11:30 | 15 | 11:45 |
| డిపో | 35 | 13:00లోపు | 12:20 | – | – | – | – |

ఇప్పుడు కొత్త కస్టమర్‌ను 6 అని పిలుద్దాం. అతని విండో 9:00 నుంచి 10:15 వరకు, సర్వీస్ 30 నిమిషాలు. 2 నుంచి 6కు 10 నిమిషాలు, 6 నుంచి 3కు 15 నిమిషాలు. బండి 2ను 9:35కు వదిలి 9:45కు 6ను చేరుతుంది. విండో తెరిచే ఉంది కాబట్టి వెంటనే సర్వీస్ మొదలై 10:15కు ముగుస్తుంది. అక్కడి నుంచి 3కు చేరేసరికి 10:30. మూసుకునే వేళ కూడా సరిగ్గా 10:30 కాబట్టి 3 సాధ్యమే. 3ను 10:40కు వదిలితే 4కు 11:10కి చేరుతుంది, అక్కడ మూసుకునే వేళ 11:15 కాబట్టి 4 కూడా సాధ్యమే. 4ను 11:35కు వదిలి 5కు 11:55కు చేరుతుంది. అక్కడి గడువు 11:50 కాబట్టి ఐదు నిమిషాలు ఆలస్యం.

జాప్యం ప్రయాణించిన తీరును కాస్త గమనించండి. 3 దగ్గర సర్వీస్ 9:50 బదులు 10:30కు మొదలైంది, అంటే జాప్యం 40 నిమిషాలు. 4 దగ్గర ఇంతకు ముందు 15 నిమిషాల నిరీక్షణ ఉండేది, అది ఈ జాప్యంలో 15 నిమిషాలను మింగింది, అందుకే అక్కడ సర్వీస్ జాప్యం 25కు తగ్గింది. 5 దగ్గర నిరీక్షణ లేదు, కాబట్టి 25 నిమిషాలూ అలాగే వచ్చిపడ్డాయి. అక్కడ ఉన్న వెసులుబాటు 20 మాత్రమే. చొప్పించిన చోటుకు దిగువన ఉన్న నిరీక్షణలు మాత్రమే జాప్యాన్ని తగ్గిస్తాయి. 2 దగ్గరి నిరీక్షణ ఎగువన ఉండిపోయింది. బండి అక్కడికి ఎంత ముందు చేరినా 9:15కు ముందు సర్వీస్ మొదలుకాదు, 9:35కు ముందు అక్కడి నుంచి కదలదు.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. కొత్త కస్టమర్ విండో సరిపోయింది, ఆ పక్క స్టాపు 3 విండో సరిపోయింది, దాని పక్కన ఉన్న 4 కూడా సరిపోయింది. కాబట్టి ఇరుగుపొరుగు విండోలను మాత్రమే చూసే ప్రోగ్రామ్ ఈ రూటును ఒప్పేసుకుంటుంది. తొలిరోజుల్లో నేను రాసిన ప్రోగ్రామ్ అచ్చం ఇదే పని చేసింది. బండి బయలుదేరిన తరువాత, రూటు చివరి కస్టమర్ దగ్గర తలుపు మూసి ఉందని డ్రైవర్ ఫోన్ చేస్తే గానీ నాకు తప్పు తెలియలేదు. అలాంటప్పుడు పరీక్షను చివరి దాకా నడపడం ఒక పరిష్కారం, అది సరైనదే. కానీ ఒక కస్టమర్‌ను పెట్టగలిగే చోట్లు వందల సంఖ్యలో ఉన్నప్పుడు ప్రతి చోటికీ దిగువనున్న స్టాపులన్నిటినీ తిరిగి లెక్కించడం వృథా శ్రమ. మీ రెండో ప్రశ్న సరిగ్గా ఇక్కడికే వస్తుంది.

దానికి పరిష్కారం లెక్కను ఒక్కసారి చివరి నుంచి మొదటికి నడపడం. ప్రతి స్టాపు దగ్గర ఇలా అడుగుతాం: దీని తరువాతి స్టాపులలో ఏదీ తప్పకుండా ఉండాలంటే ఇక్కడ సర్వీస్ ఎంత ఆలస్యంగా మొదలుకావచ్చు? దానికి వచ్చే జవాబును నేను నికర గడువు అంటాను. కస్టమర్ చెప్పిన మూసుకునే వేళ ఒకటి, తరువాతి స్టాపు నికర గడువులోంచి ప్రయాణాన్ని, ఇక్కడి సర్వీస్‌ను తీసివేయగా వచ్చేది ఇంకొకటి. ఈ రెండింటిలో ముందుగా వచ్చే వేళే నికర గడువు.

మీ రూటులో చివరి డిపో నికర గడువు 13:00. దానిలోంచి 35, 15 తీసివేస్తే 12:10 వస్తుంది, కానీ 5వ కస్టమర్ చెప్పిన గడువు 11:50, కాబట్టి అక్కడ 11:50 నిలుస్తుంది. 4 దగ్గర 11:50లోంచి 20, 25 తీసివేస్తే 11:05. కస్టమర్ చెప్పింది 11:15 అయినా నికరంగా మిగిలింది 11:05 మాత్రమే. 3 దగ్గర 11:05లోంచి 30, 10 పోతే 10:25, చెప్పిన 10:30 కంటే అది ముందు. 2 దగ్గర 10:25లోంచి 15, 20 పోతే 9:50. 1 దగ్గర 9:50లోంచి 25, 15 పోతే 9:10, అయితే చెప్పిన గడువు 9:00 కాబట్టి 9:00. డిపో నుంచి బయలుదేరడానికి ఆఖరి వేళ 8:40.

ఈ వేళలు చేతిలో ఉంటే మీ విఫలమైన చొప్పింపును 5వ స్టాపు దాకా వెంబడించనక్కరలేదు. 6 తరువాత 3కు బండి 10:30కు చేరుతోంది, 3 నికర గడువు 10:25, కాబట్టి అక్కడే తేలిపోయింది. తప్పిన 5 నిమిషాలు కూడా అక్కడే కనిపిస్తున్నాయి, రెండు స్టాపుల అవతల బయటపడిన ఆలస్యం అదే. 4 దగ్గర నిరీక్షణ మింగే 15 నిమిషాలను నికర గడువు ముందే లెక్కలోకి తీసుకుంది, కాబట్టి మనం వాటిని మళ్లీ విడిగా కూడనక్కరలేదు. అంటే ఏ చోటికైనా రెండే పరీక్షలు చాలు: కొత్త కస్టమర్ దగ్గర సర్వీస్ అతని విండోలో మొదలవుతుందా, ఆ తరువాతి స్టాపు దగ్గర సర్వీస్ దాని నికర గడువులోపు మొదలవుతుందా. రూటు ఎంత పొడవైనా ఈ పరీక్షకు పట్టే పని మారదు.

కోడ్‌లో ఇది కొద్దిపాటి పంక్తులే. సమయాలన్నీ అర్ధరాత్రి నుంచి లెక్కించిన పూర్ణ నిమిషాలు, `route` మొదట్లోనూ చివరనా డిపో ఉంటుంది, డిపో సర్వీస్ సమయం సున్న. `t` ప్రయాణ సమయాలు, `svc` సర్వీస్ సమయాలు, `e` విండో తెరుచుకునే వేళలు, `l` మూసుకునే వేళలు, `begin` సర్వీస్ మొదలయ్యే వేళలు, `z` నికర గడువులు. `u` కొత్త కస్టమర్, అతన్ని రూటులో `p` స్థానం తరువాత పెడతాం.

```python
def check(route, t, svc, e, l, depart):
    begin = [depart]
    for i, j in zip(route, route[1:]):
        b = max(begin[-1] + svc[i] + t[i][j], e[j])
        if b > l[j]:
            return None, j
        begin.append(b)
    return begin, None

def latest(route, t, svc, l):
    z = [l[route[-1]]]
    for i, j in zip(route[-2::-1], route[:0:-1]):
        z.append(min(l[i], z[-1] - svc[i] - t[i][j]))
    return z[::-1]

def can_insert(u, p, route, begin, z, t, svc, e, l):
    i, j = route[p], route[p + 1]
    bu = max(begin[p] + svc[i] + t[i][u], e[u])
    if bu > l[u]:
        return False
    bj = max(bu + svc[u] + t[u][j], e[j])
    return bj <= z[p + 1]
```

`check` విఫలమైతే ఏ స్టాపు దగ్గర తప్పిందో కూడా చెబుతుంది. ఉత్త అవును, కాదు అనే జవాబు కంటే ఇది ఎంతో ఉపయోగం. కొత్త కస్టమర్‌ను నిజంగా రూటులో చేర్చిన తరువాత మాత్రం `begin`, `z` రెండింటినీ మళ్లీ కట్టాలి. చేర్చిన చోటుకు దిగువన `begin` మారుతుంది, ఎగువన `z` మారుతుంది. చాలామంది మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మరచిపోతారు. అప్పుడు మొదటి చొప్పింపు సరిగానే ఉంటుంది, రెండో చొప్పింపు నుంచి అసాధ్యమైన రూటులు వస్తాయి. మీ ప్రోగ్రామ్ అలా ప్రవర్తిస్తుంటే ముందు వెతకవలసిన చోటు ఇదే. పరీక్షల కోసం ప్రతి చొప్పింపు తరువాత `check`ను చివరి దాకా ఒకసారి నడిపి, `can_insert` చెప్పినదానితో పోల్చుకోండి. రెండూ ఎక్కడ విభేదిస్తే తప్పు అక్కడ దొరుకుతుంది.

ఇక 6ను ఎక్కడ పెట్టాలి? 2 దగ్గరి నిరీక్షణ వృథా పోకూడదంటే అతను 2కు ఎగువన ఉండాలి. 1 నుంచి 6కు ప్రయాణం 30 నిమిషాలు, 6 నుంచి 2కు 10 నిమిషాలు అని మీ పట్టికలో ఉంది. 1, 2 మధ్య పెడితే బండి 1ని 8:35కు వదిలి 9:05కు 6ను చేరుతుంది, 9:35కు అక్కడ ముగించి 9:45కు 2కు చేరుతుంది. 2 నికర గడువు 9:50 కాబట్టి చొప్పింపు సాధ్యం. నికర గడువు మీద నమ్మకం కుదరడానికి చివరి దాకా ఒకసారి చూద్దాం. 2 దగ్గర సర్వీస్ 9:45కు, 3 దగ్గర 10:20కు, 4 దగ్గర 11:00కు, 5 దగ్గర 11:45కు మొదలవుతాయి, బండి డిపోకు 12:35కు వస్తుంది. ఎక్కడా గడువు తప్పలేదు. 2కు చేరుకలో వచ్చిన జాప్యం 45 నిమిషాలు, అక్కడి నిరీక్షణ 15 మింగింది, 4 దగ్గర ఇంకో 15 పోయింది, 5కు చేరేసరికి 15 మాత్రమే మిగిలింది, అక్కడ 20కి చోటుంది.

ప్రయాణ దూరం మాత్రమే చూసి ఉంటే మనం ఈ చోటును పక్కన పెట్టేవాళ్లం. 2, 3 మధ్య పెడితే అదనపు ప్రయాణం 10 నిమిషాలే, 1, 2 మధ్య పెడితే 15. అంటే ప్రయాణం తక్కువ పడే చోటు అసాధ్యం, ఎక్కువ పడే చోటు సాధ్యం. విండోలున్న రూటులో ఇది అరుదేమీ కాదు. 1987లో సోలమన్ ప్రచురించిన చొప్పింపు పద్ధతుల్లో అదనపు దూరంతో పాటు తరువాతి కస్టమర్ సర్వీస్ ఎంత వెనక్కి జరిగిందో కూడా ఖర్చులో కలపడానికి కారణం ఇదే అని నేను అనుకుంటాను. ఈ జరుగుబాటు దిగువకు ప్రయాణిస్తూ, నిరీక్షణల దగ్గర తగ్గుతూ, ఒక చోట సున్నకు చేరితే అక్కడి నుంచి చూడడం మానేయవచ్చన్న ఆలోచన కూడా ఆ పద్ధతుల్లోనే ఉంది. నికర గడువు దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్తుంది, అసలు వెంబడించే పనే ఉండదు.

ఈ సాధ్యతను చూసి తొందరపడవద్దని కూడా చెప్పాలి. 6ను చేర్చిన తరువాత 2 నుంచి 5 దాకా ప్రతి స్టాపు దగ్గర నికర గడువుకు మిగిలింది 5 నిమిషాలే, నిరీక్షణ ఒక్కటి కూడా మిగలలేదు. లెక్క ప్రకారం రూటు చెల్లుతుంది. కానీ ప్రయాణ సమయాలు సగటు అంచనాలైతే, ఒక్క స్టాపు దగ్గర ఆరు నిమిషాల ఆలస్యం జరిగినా చివరి కస్టమర్ తప్పిపోతాడు. నేనైతే ఇలాంటి రూటును ఒప్పుకునే ముందు, సాధ్యమా కాదా అన్న ప్రశ్నతో పాటు నికర గడువుకు మిగిలిన కనీస వెసులుబాటు ఎంతో కూడా ప్రోగ్రామ్ చెప్పేలా చేస్తాను. అది 10 నిమిషాల కన్నా తక్కువైతే మనిషి ఒకసారి కళ్లతో చూడాలి. 10 అన్నది నా అలవాటు, నియమం కాదు. మీ ప్రయాణ సమయాలు ఎంత అటూ ఇటూ అవుతాయో మీ పాత రికార్డులే చెబుతాయి.

ఇప్పుడు నిరీక్షణ గురించి మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే అది మీ రూటులో ఉంది. సాధ్యతను పరీక్షించేటప్పుడు డిపో నుంచి వీలైనంత ముందు బయలుదేరినట్టు తీసుకోవడం సరైన పని. ముందు బయలుదేరితే ఏ స్టాపు దగ్గరా ఆలస్యం పెరగదు, మహా అయితే నిరీక్షణ పెరుగుతుంది. కానీ 8:00కు బయలుదేరి 12:20కు తిరిగి వస్తే బండి బయట ఉన్నది 4 గంటల 20 నిమిషాలు, అందులో 30 నిమిషాలు ఉత్త నిరీక్షణ. అదే రూటును, అంటే 6ను చేర్చని రూటును, 8:30కు మొదలుపెట్టి చూడండి. 1 దగ్గర 8:50, 2 దగ్గర 9:30, 3 దగ్గర 10:05, 4 దగ్గర సరిగ్గా విండో తెరుచుకునే 10:45, అక్కడి నుంచి అన్నీ మునుపటి వేళలే, తిరిగి చేరేది అదే 12:20. రూటు 3 గంటల 50 నిమిషాలకు తగ్గింది, కస్టమర్లలో ఎవరికీ ఏమీ తప్పలేదు.

ఎంత వరకు ఇలా వెనక్కి జరపవచ్చో రెండు అంకెలు నిర్ణయిస్తాయి. ఒకటి మొత్తం నిరీక్షణ, ఇక్కడ 30. ఇంకొకటి రూటు తప్పకుండా బయలుదేరడాన్ని జరపగల హద్దు, ఇక్కడ 8:00 నుంచి 8:40 దాకా 40. రెండింటిలో చిన్నది 30, అంత జరిపినంత వరకు తిరుగు వేళ మారదు. 8:30 నుంచి 8:40 దాకా జరపడం సాధ్యమే, కానీ అప్పుడు తిరుగు వేళ కూడా అంతే వెనక్కి పోతుంది, పొదుపేమీ ఉండదు. రూటు నిడివిని తగ్గించే ఈ లెక్కను సావెల్స్‌బర్గ్ 1992లో క్రమబద్ధంగా రాశారు. ఆ హద్దును నేరుగా కూడా కట్టవచ్చు: ప్రతి స్టాపు దగ్గర, అక్కడిదానితో సహా అప్పటి దాకా వచ్చిన నిరీక్షణల మొత్తానికి, అక్కడి చెప్పిన గడువుకు సర్వీస్ మొదలుకు మధ్య తేడాను కలపండి. అన్ని స్టాపులలో వచ్చిన విలువల్లో అతి చిన్నదే హద్దు. మీ రూటులో అది 1వ స్టాపు దగ్గర వచ్చే 40.

డ్రైవర్ పని గంటలకు పరిమితి ఉన్నచోట ఇది పొదుపు విషయం కాదు, సాధ్యత విషయమే. పరిమితి 4 గంటలు అనుకుంటే, 8:00కు బయలుదేరే లెక్క మీ పాత రూటును అసాధ్యం అంటుంది, 8:30 లెక్క అదే రూటును సాధ్యం అంటుంది. అలాంటి సందర్భంలో ముందు బయలుదేరి చూసిన ఫలితాన్ని బట్టి రూటును పారేస్తే మంచి రూటును పోగొట్టుకున్నట్టే. 6ను చేర్చిన రూటుకు ఈ ఉపాయం పనిచేయదు. అందులో నిరీక్షణ లేదు, కాబట్టి 4 గంటల 35 నిమిషాల నిడివి ఎంత ఆలస్యంగా బయలుదేరినా తగ్గదు.

అంకెల విషయంలో ఒక జాగ్రత్త. మీ రూటులోనే 3 దగ్గర చేరుక 10:30, గడువు 10:30 అని వచ్చింది, అంటే సమానత దగ్గర తీర్పు ఆధారపడింది. దశాంశాలతో లెక్కిస్తే ఇలాంటి చోట కంప్యూటర్ అతి స్వల్పమైన తేడాతో అసాధ్యం అనవచ్చు, కాబట్టి పూర్ణ నిమిషాలో పూర్ణ సెకండ్లో వాడండి. ప్రయాణ సమయాలను గుండ్రంగా చేసేటప్పుడు పైకి గుండ్రం చేయండి. కిందికి చేస్తే ఐదారు స్టాపుల దూరంలో కాగితం మీద రూటు సాధ్యమై రోడ్డు మీద తప్పుతుంది. సోలమన్ పేరిట తిరిగే 100 కస్టమర్ల పరీక్ష సమస్యల మీద ఫలితాలు పోల్చుకునేవారికి కూడా ఈ చిక్కు తెలుసు. దూరాలను ఒక దశాంశానికి కత్తిరించినవారి ఫలితాలు, పూర్తి దశాంశాలతో లెక్కించినవారి ఫలితాలు నేరుగా పోల్చదగినవి కావు.

చివరిగా, ఈ పరీక్ష ఎక్కడ సరిపోదో చెబుతాను. ప్రయాణ సమయం రోజులో వేళను బట్టి మారితే, ముందు బయలుదేరినవాడు తరువాత బయలుదేరినవాడి కంటే ఆలస్యంగా చేరడు అన్న నియమం నిలిచినంత వరకు ముందుకు నడిచే లెక్క అలాగే పనిచేస్తుంది. వెనక్కి నడిచే లెక్కలో మాత్రం ఒక స్థిర సంఖ్యను తీసివేయడం కుదరదు, ఫలానా వేళకు చేరాలంటే ఎప్పుడు బయలుదేరాలో ఆ మార్గానికి విడిగా కనుక్కోవాలి. ఒక కస్టమర్‌కు ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి చొప్పున రెండు విండోలుంటే ముందుకు లెక్కలో, బండి చేరిన వేళకు ఇంకా మూసుకోని విండోలలో ముందుగా వచ్చేదాన్ని ఎంచుకోవాలి, నికర గడువును కూడా ఆ ప్రకారమే కట్టాలి. డ్రైవర్ విరామం తప్పనిసరి అయితే దాన్ని ఒక స్టాపులా, విండోతో, సర్వీస్ సమయంతో రూటులో పెట్టవచ్చు. అయితే అది నిరీక్షణలో కలిసిపోతుందా, కలవదా అన్నది మీ నియమాలను బట్టి ముందే నిర్ణయించుకోండి. మీ 4వ స్టాపు దగ్గరి 15 నిమిషాలను విరామంగా లెక్క కట్టి, ఆ తరువాత అదే 15 నిమిషాలతో కొత్త కస్టమర్ జాప్యాన్ని కూడా తగ్గిస్తే, ఒకే నిరీక్షణను రెండుసార్లు ఖర్చు చేసినట్టవుతుంది, 5వ స్టాపు మళ్లీ తప్పుతుంది.